పదాలు, పాదాలు: తెలుగు మాటలో ఊనిక ఎక్కడ పడుతుంది?

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని, మాట్లాడిన తీరులోనే రాసింది.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? ఆ, సరే.

ముందు ఒక చిన్న పని చేద్దాం. మనసులో కాదు, నోటితోనే, మామూలుగా ఇంట్లో మాట్లాడినట్టు "పాదాలు" అనండి. ఇంకోసారి. ఇప్పుడు చెప్పండి, ఏ అక్షరం మీద ఊనిక పడింది, అంటే దేన్ని నొక్కి పలికారు? "పా" మీద పడిందనుకున్నవాళ్లు చేతులెత్తండి. "దా" మీద అనుకున్నవాళ్లు? చూశారా, హాలు రెండుగా చీలిపోయింది, కొందరైతే రెండుసార్లూ ఎత్తారు. అందరం పుట్టినప్పటి నుంచీ తెలుగే మాట్లాడుతున్నాం, అయినా మూడక్షరాల మాటలో ఊనిక ఎక్కడుందో ఒప్పుకోలేకపోతున్నాం. ఇదే "పదులు" అనమని అడిగితే, అంటే పదులు, వందలు అంటాం కదా ఆ పదులు, దాదాపు అందరూ మొదటి అక్షరమే అంటారు. "పాదులు", దొండపాదులు ఆనపపాదులు, అదీ అంతే. "పదాలు" అంటే చాలామంది "దా" అంటారు. గొడవంతా "పాదాలు" దగ్గరే. ఎందుకు అక్కడే అన్నది ఇవాళ్టి మాట.

ఈ నాలుగు మాటలూ గుర్తు పెట్టుకోండి, సాయంత్రమంతా ఇవే. పదులు, పాదులు, పదాలు, పాదాలు. హల్లులు అన్నిట్లోనూ ఒకటే, ప, ద, ల. అచ్చుల్లోనే తేడా, ముఖ్యంగా పొట్టివా పొడుగువా అన్న తేడా. ఇలాంటి నాలుగు మాటల సెట్టు దొరకడం అదృష్టం, నాకు చాలా రోజులు పట్టింది.

ఇక పేరు సంగతి. ఇంగ్లీషులో స్ట్రెస్ అనేదాన్ని తెలుగులో ఊనిక అంటారు, కొందరు బలాఘాతం అంటారు. నేను ఊనిక అనే అంటాను. "ఒత్తు" అని మాత్రం అనను, ఎందుకంటే ఒత్తు అనగానే మనకి కింద రాసే ఒత్తులు గుర్తొస్తాయి, లేదా ఖ, ఘ లాంటివి ఒత్తి పలకడం గుర్తొస్తుంది. మూడూ వేరు వేరు సంగతులు.

మామూలుగా ఊనిక అంటే ఏంటో ఇంగ్లీషులో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. ప్రెజెంట్ అనే మాటుంది, మొదట్లో ఊని పలికితే బహుమతి, రెండో దాని మీద ఊనితే ఇవ్వడం, సమర్పించడం. అక్షరాలు అవే, ఊనిక జరిగితే మాట మారిపోయింది. రష్యన్‌లో ఇంకా బాగా కనిపిస్తుంది, ఒకే స్పెల్లింగుతో రాసే మాట మొదట్లో ఊనితే కోట, చివర్లో ఊనితే తాళం. తెలుగులో ఇలాంటి జత ఒక్కటి చెప్పండి చూద్దాం, అచ్చు పొడుగు మారకుండా, హల్లు ద్విత్వం కాకుండా, కేవలం ఊనిక జరిపితే అర్థం మారే జత. దొరకదండి. మనకి అర్థం మార్చేవి వేరే ఉన్నాయి. కల, కాల, కలా, కాలా, ఇక్కడ అచ్చు పొడుగే పని చేస్తోంది. గడి, గడ్డి, ఇక్కడ హల్లు ద్విత్వం.

అంచేత మొదటి ప్రశ్నకి జవాబు తేలిపోయింది. అర్థాన్ని మార్చే ఊనిక తెలుగులో లేదు. కానీ అక్కడితో ఆగిపోతే పొరపాటు. హంగేరియన్‌లో కూడా అర్థం మార్చే ఊనిక లేదు, అయినా ఏ మాట తీసుకున్నా మొదటి అక్షరం మీద ఊనిక ఖాయంగా ఉంటుంది. అర్థం మార్చకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు. తెలుగులో రెండోది నిజమా కాదా అన్నదే అసలు ప్రశ్న.

దీని మీద చాలా బాగా ఆలోచించినవాళ్లలో ఒకరికి మన ఊరితో సంబంధం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి గారు, ఇక్కడే ఆంధ్ర యూనివర్సిటీలో తెలుగు చెప్పారు, 1957లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ తీసుకున్నారు. అదే పెన్సిల్వేనియాలో లీ లిస్కర్ అని ధ్వనిశాస్త్రంలో పెద్దాయన, ఆయనకి తెలుగంటే ఇష్టం, మాట్లాడే తెలుగు మీద పుస్తకం కూడా రాశారు. వీళ్లిద్దరూ కలిసి 1991లో ఫ్రాన్స్‌లో జరిగిన ధ్వనిశాస్త్ర మహాసభకి ఒక పేపర్ ఇచ్చారు. "ఊనికలేని" అన్న మాట చుట్టూ కోట్స్ పెట్టి, అలాంటి భాషలో పదాల ఊనిక గురించి అని దానికి పేరు పెట్టారు. తెలుగు మాతృభాషగా ఉన్న భాషావేత్తల చేతా, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న భాషావేత్తల చేతా తెలుగు మాటల్లో ఊనిక ఎక్కడ వినిపిస్తోందో గుర్తు పెట్టించారు. నాకు నచ్చింది ఆ పద్ధతి. ఎవరి చెవి వింటోందన్నది కూడా ప్రశ్నలో భాగమే అని వాళ్లు గుర్తించారు. ఇంగ్లీషు చెవి ప్రతి మాటలోనూ ఊనిక కోసం వెతుక్కుంటుంది, అది దాని అలవాటు. మన చెవికి ఆ అలవాటు లేదు, ఎవరైనా అడిగితే అప్పుడు వెతుకుతుంది.

సరే, ఇప్పుడు అక్షరం బరువు. ఇది మనకి కొత్త కాదు, బళ్లో ఛందస్సు చెప్పినప్పుడు గురువు, లఘువు అని U, I గుర్తులు పెట్టుకున్నాం కదా. పొట్టి అచ్చుతో ముగిసే అక్షరం లఘువు, ఒక మాత్ర. పొడుగు అచ్చు ఉన్నా, సున్నా ఉన్నా, వెనకాల ద్విత్వమో సంయుక్తమో వచ్చినా గురువు, రెండు మాత్రలు. రాసేటప్పుడు "పట్నం" అనేది ప, ట్నం అని విడిపోతుంది గానీ నోట్లో అది పట్, నం. ట్ అన్న హల్లు ముందు అక్షరానికి అతుక్కుని దాన్ని బరువెక్కిస్తుంది. పద్యంలో చెప్పినా ధ్వనిశాస్త్రంలో చెప్పినా లెక్క ఒకటే. దానికి ఇప్పుడు సిలబుల్ వెయిట్ అని పేరు పెట్టారు, మన వాళ్లు వందల ఏళ్లుగా వాడుతున్నదే.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. గురువు అంటే ఊనిక పడే అక్షరం అనుకుంటారు. కాదండి. గురువు అంటే పలకడానికి రెండు మాత్రల కాలం పడుతుంది అనే. "పాదాలు"లో గురువులు రెండున్నాయి, ఊనిక ఉంటే ఒక దాని మీదే ప్రధానంగా ఉండాలి. "సింహాచలం"లో మూడు గురువులు, సిం, హా, లం. మూడూ ఒక్కలాగే ఎక్కువగా వినిపిస్తాయా? వినిపించవు. బరువనేది ఊనికని ఆకర్షించొచ్చు, కానీ బరువే ఊనిక కాదు.

బరువు ఊనికని ఎలా ఆకర్షిస్తుందో చూడాలంటే లాటిన్ మంచి ఉదాహరణ. లాటిన్‌లో సూత్రం చాలా సింపుల్. చివరి అక్షరాన్ని పక్కన పెట్టు. దాని ముందుది గురువైతే ఊనిక దాని మీద. లఘువైతే ఇంకో అక్షరం వెనక్కి వెళ్లు. అంతే. ఇదే సూత్రాన్ని మన నాలుగు మాటలకి పెట్టి చూద్దాం. పదులు, చివరి ముందుది "దు", లఘువు, వెనక్కి వెళ్తే "ప". పాదులు, అలాగే "పా". పదాలు, చివరి ముందుది "దా", గురువు, అక్కడే. పాదాలు, మళ్లీ "దా".

ఇంకో సూత్రం ఊహించుకుందాం. చివరి అక్షరాన్ని వదిలేసి, ఎడమ నుంచి వస్తూ మొట్టమొదట కనిపించిన గురువు మీద ఊను, గురువే లేకపోతే మొదటి అక్షరం మీద ఊను. ఇలాంటి సూత్రాలు ఉన్న భాషలూ ప్రపంచంలో ఉన్నాయి. పెట్టి చూడండి. పదులు, గురువు లేదు, "ప". పాదులు, "పా". పదాలు, మొదటి గురువు "దా". పాదాలు, మొదటి గురువు "పా".

గమనించారా? రెండు సూత్రాలూ మూడు మాటల్లో ఒకే జవాబు చెప్పాయి. నాలుగో దాంట్లోనే విడిపోయాయి. ఇందాక మీరు విడిపోయింది కూడా అక్కడే! మీ చెవులు గుడ్డిగా ఏం ఊహించలేదు. మొదటి అక్షరం అన్న స్థానం ఒక వైపు లాగుతోంది, బరువు ఇంకో వైపు లాగుతోంది. రెండూ ఒకే అక్షరం మీద కలిస్తే మనకి అనుమానం ఉండదు. "పదాలు"లో స్థానం "ప"ని చూపిస్తుంది, బరువు "దా"ని చూపిస్తుంది, అక్కడ ఎక్కువమందికి బరువే గెలుస్తుంది. "పాదాలు"లో బరువు రెండు చోట్లా ఉంది, అంచేత తేలదు.

(ముందు వరసలో ఒకాయన: అయితే ఏటంటారు మాస్టారూ, మొదటి అక్షరానికి బలముందనా, లేదనా?)

వస్తున్నానండి, అక్కడికే వస్తున్నాను. మొదటి అక్షరానికి ఒక రకమైన బలం ఉంది, దానికి సాక్ష్యం చెవి దగ్గర కాదు, అచ్చులకి ఏం జరుగుతోందన్న దాని దగ్గర దొరుకుతుంది. "అడుగు" తీసుకోండి. అడుగు, అడిగాడు, అడగలేదు. రెండో అచ్చు చూడండి, ఉ, ఇ, అ, వెనకాల ఏ ప్రత్యయం వస్తే దానికి తగ్గట్టు మారిపోతోంది. మొదటి "అ" మాత్రం కదల్లేదు. తిరుగు, తిరిగాడు, తిరగలేదు, అదే కథ. మనిషి, మనుషులు, నడుమ ఉన్న అచ్చు మారింది, మొదటిది అలాగే ఉంది. ఇంకా ముందుకెళ్తే ఆ నడుమ అచ్చు పూర్తిగా ఎగిరిపోతుంది. వెళుతున్నాడు కాస్తా వెళ్తున్నాడు, మాటలాడు కాస్తా మాట్లాడు. ఎగిరిపోయినవేవో చూడండి, అన్నీ పొట్టి అచ్చులే, అన్నీ మొదటి అక్షరం కానివే. పొడుగు అచ్చు ఎగిరిపోదు, మొదటి అచ్చు ఎగిరిపోదు. అంటే స్థానమూ కాపాడుతోంది, బరువూ కాపాడుతోంది. ఏ రక్షణా లేనిది నడుమ ఉన్న లఘువు, అందుకే అది పోతోంది.

ఇక్కడ నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది, ఆగి చెప్తాను. పాత పద్యాల్లో "పలుకు" అనీ ఉంటుంది, "పల్కు" అనీ ఉంటుంది, కవికి ఏది కుదిరితే అది. పలుకు, మూడు లఘువులు, మూడు మాత్రలు. పల్కు, "పల్" గురువు, "కు" లఘువు, మళ్లీ మూడు మాత్రలే. అచ్చు ఎగిరిపోయింది గానీ దాని మాత్ర ఎక్కడికీ పోలేదు, "ల్" రూపంలో మొదటి అక్షరానికి చేరి దాన్ని గురువు చేసింది. అంటే అప్పటిదాకా స్థానం వల్ల మాత్రమే బలంగా ఉన్న మొదటి అక్షరం ఇప్పుడు బరువు వల్ల కూడా బలమైంది. మన భాషలో అక్షరాలు పోయినా మాత్రలు నిలబెట్టుకునే గుణం ఉందని ఇలాంటి చోట్ల తెలుస్తుంది.

కానీ దీన్నే ఊనిక అనొచ్చా? తొందరపడకూడదు. ఇంగ్లీషులో ఊనిక పడని అచ్చు నలిగిపోతుంది, బనానాలో మొదటి అచ్చూ చివరి అచ్చూ ఏదో మూలుగులా వస్తాయి, నడుమదే స్పష్టంగా ఉంటుంది. మనం "బనానా" అంటే మూడూ స్పష్టంగానే ఉంటాయి. తెలుగులో నడుమ అచ్చు మారితే ఇంకో స్పష్టమైన అచ్చు అవుతుంది, లేదా పోతుంది, ఉన్నంతసేపూ నిండుగానే ఉంటుంది. ఇది ఇంగ్లీషు ఊనికలాంటిది కాదు.

ఎమోషన్ చూపించేటప్పుడు సాగదీస్తాం కదా, అదే ఊనిక అని కొందరు వాదిస్తారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను. "పేద్ద బిల్డింగ్" అంటాం, "పెద్ద"లో మొదటి అచ్చుని సాగదీశాం. కానీ "పొడూగు తాడు" అంటాం, అక్కడ రెండోది. "నల్లాగా ఉంది" అంటే అదీ రెండోదే. ఒకే మనిషి, ఒకే భావం, సాగే చోటు మాటమాటకీ మారుతోంది. ఇక పిలుపు. ఇంగ్లీషులో దూరంగా ఉన్న అమాండాని పిలిస్తే గొంతు "మాన్" దగ్గర పైకి లేస్తుంది, ఊనిక ఎక్కడుందో అది పట్టిచ్చేస్తుంది. మనం పిలిస్తే? సరోజా...! వెంకటేశూ...! చివరి అచ్చే సాగుతుంది, మాట ఆకారం ఏదైనా సరే. మన పిలుపు ఊనికని వెతకదు, మాట చివరిని వెతుకుతుంది.

ఆ చివర అన్నదే మనల్ని ఎక్కువ మోసం చేస్తుంది. నాకెలా తెలిసిందో చెప్తాను.

మా అత్తయ్యది విజయనగరం పక్క పల్లె. ఆవిడ చదువు కొద్దిగానే, రేడియో గొంతు కాదు, ఇంగ్లీషు ప్రభావం అసలు లేదు, నాకు కావలసింది సరిగ్గా అలాంటి గొంతే. ఫోన్ తీసుకుని వెళ్లాను. ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని గోంగూర ఒలుస్తున్నారు. ఫ్యాను ఆపేసి, నాలుగు మాటలూ నాలుగు కార్డుల మీద పెద్దక్షరాలతో రాసి ఒకటొకటి చూపించాను. చదివారు. ఇంటికొచ్చి Praat అనే ప్రోగ్రాంలో పెట్టి, గొంతు ఎత్తుపల్లాలు చూపించే పిచ్ గీత చూస్తే, అన్ని మాటల్లోనూ చివరి "లు" దగ్గర గీత పైకి లేచింది, ఆఖరి కార్డు దగ్గర మాత్రం కిందికి దిగింది. ఒక్క క్షణం తెలుగులో ఊనిక చివరి అక్షరం మీదే ఉందేమో అనిపించింది. తర్వాత అర్థమైంది. ఆవిడ జాబితా చదువుతున్నారు! బజారుకి పంపేటప్పుడు ఉప్పు, పప్పు, చింతపండు అని చెప్తామే, ఆ రాగం. ఇంకా ఉంది అన్నప్పుడు గొంతు లేస్తుంది, అయిపోయింది అన్నప్పుడు దిగుతుంది. నేను కొలిచింది మాట ఊనికని కాదు, జాబితా రాగాన్ని.

రెండోసారి వెళ్లి వాక్యంలో పెట్టించాను. "నేను పాదాలు అన్నాను", "నేను పదాలు అన్నాను" అని. అదీ పోయింది. ఎందుకో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది, ఆవిడ చక్కగా "పాదాలన్నాను" అన్నారు, సంధి అయిపోయి "లు"లో ఉకారం మాయమైంది, నా మూడక్షరాల మాట ముక్కలైంది. తెలుగులో ఎవరు రికార్డింగ్ చేసినా ముందు ఇది చూసుకోవాలి, వెనకాల వచ్చే మాట హల్లుతో మొదలవ్వాలి.

మూడోసారి "నేను పాదాలు చూశాను" అని పెట్టాను, నాలుగు మాటలూ కలగలిపి, ఒక్కోటీ చాలాసార్లు, వరస మార్చి మార్చి. మధ్యలో వేరే మాటలు కూడా వేశాను, లేకపోతే ఆవిడ "పదాలు కాదు, పాదాలు" అన్నట్టు తేడా చూపిస్తూ పలకడం మొదలుపెడతారు, అప్పుడు తేడా ఉన్న అక్షరమే పైకొస్తుంది. "ఏటిరా ఇది, పాదాలు చూశాను, పాదులు చూశాను, చూసి ఏటి చెయ్యాలి" అని ఒకటే నవ్వు. ఆ నవ్వు తర్వాత వచ్చిన రికార్డింగులే అన్నిటికన్నా సహజంగా ఉన్నాయి.

అప్పుడేం కనిపించింది? రెండు సంగతులు. ఒకటి, పిచ్. మాట ఏదైనా మొదట్లో గొంతు కింద ఉంది, అక్కణ్ణుంచి మాట చివరి వైపుకి మెల్లగా ఎక్కింది, తర్వాత "చూశాను" దగ్గర దిగిపోయింది. నాలుగు మాటలకీ గీత ఆకారం దాదాపు ఒకటే, "పా" పొడుగైనా పొట్టైనా, "దా" పొడుగైనా పొట్టైనా. ఇంగ్లీషులో అయితే ఊనిక జరిగితే పిచ్ శిఖరం కూడా దానితో పాటు జరగాలి. ఇక్కడ శిఖరం ఊనిక కోసం చూడలేదు, పదబంధం అంచులు చూసింది. మొదలు కింద, చివర పైన. తమిళం, బెంగాలీ మీద పనిచేసినవాళ్లు కూడా ఇలాంటి ఆకారాన్నే వర్ణించారు, మన దేశంలో చాలా భాషల రాగం ఇది.

రెండు, నిడివి. పొడుగు అచ్చు పొట్టి అచ్చుకి దాదాపు రెట్టింపు ఉంది, ఉండాలి కూడా, లేకపోతే పదాలకీ పాదాలకీ తేడా తెలియదు. చిక్కు ఇక్కడే ఉంది. ఇంగ్లీషులో ఊనిక పడ్డ అక్షరాన్ని కాస్త ఎక్కువసేపు పలుకుతారు. తెలుగులో నిడివిని అప్పటికే అచ్చు పొడుగు కోసం వాడేశాం, ద్విత్వం కోసం వాడేశాం. ఊనిక కోసం మళ్లీ దాన్నే వాడితే, ఊనిన పొట్టి అచ్చు పొడుగు అచ్చులా వినిపించే ప్రమాదం ఉంది. అంచేత "పదాలు"లో "దా" ఎక్కువగా వినిపిస్తోంది అని మీరన్నప్పుడు, మీరు వింటున్నది ఊనికా, లేక దీర్ఘమా? దీర్ఘమే అని నా అభిప్రాయం. మనకి దీర్ఘం ఊనికలా వినిపిస్తోంది, ఎందుకంటే ఎవరో ఊనిక ఎక్కడ అని అడిగారు కాబట్టి.

నేను చేసింది ఒక్క గొంతుతో, అదీ "ప"తో మొదలయ్యే మాటలతో. ప పలికేటప్పుడు పెదాలు మూసుకుని గొంతు ఆగిపోతుంది, పిచ్ గీత తెగిపోతుంది, తెగిన తర్వాత కాస్త పైన మొదలవుతుంది. పిచ్ కోసమే చూడాలనుకుంటే "వరాలు", "వారాలు" లాంటివి మంచివి, గొంతు ఎక్కడా ఆగదు. మీలో ఎవరికైనా ఆసక్తి ఉంటే వాటితో చేయండి. ఒక ఉత్తరాంధ్ర గొంతు, ఒక గుంటూరు గొంతు, ఒక తెలంగాణ గొంతు, ఒక రాయలసీమ గొంతు ఉంటే చాలా బాగుంటుంది, నడుమ అచ్చులు ఎగిరిపోవడం అన్నిచోట్లా ఒక్కలా ఉండదు కాబట్టి రాగం కూడా మారొచ్చు.

ఇందాక ప్రశ్న అడిగిన మాస్టారికి జవాబు. మొదటి అక్షరానికి బలముంది, అది అచ్చుని కాపాడుకునే బలం. గురువుకి బలముంది, అది కాలం తీసుకునే బలం. మాట చివరికి ఒక బలముంది, అది పిచ్ ఎక్కే చోటు. ఇంగ్లీషులో ఈ మూడూ ఒకే అక్షరం మీద కట్టగట్టి పెడతారు, దాన్నే స్ట్రెస్ అంటున్నారు. మనం మూడింటినీ మూడు చోట్ల పంచి పెట్టాం. స్థానమూ బరువూ ఒకే అక్షరం మీద కలిసిన చోట "పాదులు"లాగా అందరం ఒకే జవాబు చెప్తాం, బరువు రెండు చోట్లా ఉంటే "పాదాలు"లాగా చీలిపోతాం. దీన్ని ఊనిక అనాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేనైతే అనను. ప్రామినెన్స్, అంటే ఒక అక్షరం మిగతావాటికన్నా ఎక్కువగా వినిపించడం, ఉంది, స్ట్రెస్ లేదు అంటాను.

(ఒకమ్మాయి: సార్, మరి మా తమ్ముడికి ఇంగ్లీషు చెప్పేటప్పుడు డెవలప్‌ని మొదట్లో ఊని పలుకుతాడు, అది దీనివల్లేనా?)

చాలావరకు ఇదేనమ్మా. డెవలప్‌లో ఇంగ్లీషువాళ్లు రెండో అక్షరం మీద ఊనుతారు, మనకి అందులో పొడుగు అచ్చు ఏదీ వినపడదు, బరువు దారి చూపించదు, మొదటి అక్షరమే మిగులుతుంది. కమిటీ కూడా అంతే, వాళ్లకి "మి" మీద, మనకి మొదట్లోనో, దీర్ఘం ఉన్న "టీ" దగ్గరో. వాడికి తప్పు అని చెప్పకు. రెండో అచ్చుని కాస్త సాగదీసి, మిగతావి నలిపేయమని చెప్పు. ఊనిక అంటే వాడికి అర్థం కాదు, సాగదీయడం అంటే వెంటనే అర్థమవుతుంది, ఆ పనిముట్టు వాడి భాషలో ఉంది.

(వెనక నుంచి ఒకావిడ: మాది విజయనగరమే అండి. మా ఊరి పేరులో మరి ఊనిక ఎక్కడ?)

భలే అడిగారమ్మా. వి, జ, య, న, గ, రం. ఆరక్షరాలు, చివరి "రం" తప్ప అన్నీ లఘువులే. బరువు ఎక్కడా ఆసరా ఇవ్వదు. లాటిన్ సూత్రం పెడితే "న" మీద పడాలి, అలా అన్నవాళ్లని నేనెప్పుడూ వినలేదు. ఇప్పుడు మీ పల్లెల్లో ఏమంటారో మీరే చెప్పండి.

(ఇజీనగరం అంటామండి.)

అదీ! మా అత్తయ్య కూడా అదే అంటారు. "జ", "య" రెండు లఘువులు కలిసి "జీ" అనే ఒక గురువయ్యాయి. లెక్క పెట్టండి. విజయనగరం, అయిదు లఘువులు, ఒక గురువు, ఏడు మాత్రలు. ఇజీనగరం, ఇ ఒకటి, జీ రెండు, న ఒకటి, గ ఒకటి, రం రెండు, మళ్లీ ఏడే. ఒక అక్షరం తగ్గింది, ఒక్క మాత్ర కూడా పోలేదు. ఇప్పుడు ఊరి పేరు మళ్లీ అనండమ్మా, ఈసారి మీ చెవి ఎక్కడ ఆగుతుందో చూడండి.